కాంట్రాక్టరుకు ఒప్పంద ఉల్లంఘన నోటీసు: గడువు ఎలా ఇవ్వాలి, కంపెనీ హక్కులు ఎలా కాపాడుకోవాలి

మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నేను ఆఫీసు పని, లెక్కలు, ఒప్పందాల ఫైళ్లు చూస్తాను. లాయర్ని కాదు. 2025లో ఒక గోదాము కాంట్రాక్టరుకు నోటీసు పంపాల్సి వచ్చింది. మొదటి డ్రాఫ్టు కోపంతో నేనే రాసుకున్నా. నల్లగొండలో మా వకీలు సారు అది చదివి, "ఇది నోటీసు కాదయ్యా, కొట్లాట" అని పక్కన పెట్టేశారు. తర్వాత మూడు రోజులు కూర్చుని మళ్లీ రాశాం. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నదే ఇది.

ముందు కేసు చెప్తాను. 7,200 చదరపు అడుగుల గోదాము, 86 లక్షల ఒప్పందం, సెప్టెంబర్ 30కి పూర్తి కావాలి. ఎందుకంటే వానాకాలం వడ్లు దిగడం మొదలైతే సాగర్ ఎడమ కాల్వ కింద ఊళ్ల నుంచి లారీలు వరుస కడతాయి, అప్పుడు నెత్తిమీద కప్పు లేని గోదాము ఉన్నా లేనట్టే. దసరాకు లేబర్ ఊళ్లకు పోయింది, మళ్లీ రాలేదు. దీపావళి నాటికి రూఫ్ షీట్లు సగమే ఎక్కాయి. ఫ్లోరింగు 150 మి.మీ. మందం ఉండాలి, అనుమానం వచ్చి మూడు చోట్ల కోర్, అంటే గొట్టంలా కోసి తీసే కాంక్రీటు ముక్క, తీయిస్తే 108, 115, 121 మి.మీ. వచ్చింది. అంటే ఉల్లంఘనలు రెండు. ఒకటి ఆలస్యం, రెండోది నాసిరకం పని. ఈ రెండిటికీ నోటీసులో దారులు వేరు, అది కింద చెప్తా.

మొదటి మెట్టు: వాడి తప్పులకంటే ముందు మన తప్పులు వెతకండి

ఒప్పందం, వర్క్ ఆర్డరు, బిల్లులు, మెయిళ్లు, వాట్సాప్ అన్నీ తేదీల వరుసలో పెట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకోవాలి: రేపు కోర్టు బయట తగాదా తేల్చే ఆర్బిట్రేటర్ ముందు వాడు మన మీద ఏం చెప్తాడు? మా దాంట్లో రెండు దొరికాయి, రెండూ చిన్నవి కావు.

పని నడుస్తుండగా ఎంత అయితే అంతకు వేసే రన్నింగ్ బిల్లుల్లో మూడోది 9,40,000. సెప్టెంబర్ 24 లోపు కట్టాలి. అందులో 3 లక్షలు మేమే ఆపేశాం, ఎందుకు ఆపామో ఒక్క ముక్క రాయలేదు. ఆ బిల్లు స్తంభాలకు, ట్రస్సులకు సంబంధించింది, ఫ్లోరింగుతో లింకే లేదు. "డబ్బులు ఆపితే దారికొస్తాడు" అనేది మిల్లుల్లో అందరి ఆలోచన, కానీ కాగితం మీద అది మన ఉల్లంఘన. ఒకరి పని ఇంకొకరి చెల్లింపు మీద ఆధారపడి ఉన్నప్పుడు, తాను చేయాల్సింది చేయనివాడు ఎదుటివాడిని నిలదీయలేడని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే అంటుంది. అందుకే అక్టోబర్ 21న ఆ 3 లక్షలు కట్టేసి, ఆ తర్వాతే నోటీసు పంపాం. కట్టిన తేదీ నోటీసులో మేమే రాశాం. దాచితే వాడు చెప్తాడు, అప్పుడు ఇంకా పాడుగా కనపడుతుంది. నాలుగో బిల్లు మాత్రం ఆపాం, అది ఫ్లోరింగు బిల్లు, కోర్ కొలతలు కారణంగా చూపించి రాతపూర్వకంగానే ఆపాం.

రెండోది మా సైట్ మేనేజరు సెప్టెంబర్ 26న పెట్టిన మెసేజు: "పండుగకు పోయి రాండ్రి, దీపావళి లోపల అయిపోవాలె మరి." ఎంత మంచి మనసుతో పెట్టాడో! కానీ దాని అర్థం గడువు అక్టోబర్ 20 దాకా పొడిగించినట్టు అవుతుంది. అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 63 ప్రకారం పని చేయించుకునేవాడు గడువు పొడిగించవచ్చు, దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి. ఒప్పందంలో "సమయమే ప్రధానం" అని రాసుకున్నాం కదా, తేదీ దాటగానే రద్దు చేయొచ్చు అని చాలామంది అనుకుంటారు. నిర్మాణ ఒప్పందాల్లో అంత సులువు కాదు. గడువు పొడిగించే క్లాజు, ఆలస్యానికి వారానికి ఇంత అనే క్లాజు కూడా అదే ఒప్పందంలో ఉంటే, తేదీ అంత ప్రాణప్రదం కాదని సుప్రీంకోర్టు 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టర్స్ కేసులో చెప్పింది. అలాంటప్పుడు చేయాల్సింది తగినంత కొత్త గడువు ఇచ్చి, ఈసారి ఇదే ఆఖరు అని నోటీసుతో తేల్చడం. అంటే మన గడువు నోటీసు ఊరికే మర్యాద కోసం కాదు, జారిపోయిన తేదీని మళ్లీ గట్టిగా నిలబెట్టే పని కూడా అదే చేస్తుంది.

రెండో మెట్టు: రుజువులు నోటీసు రోజుకే సిద్ధంగా ఉండాలి

ఫోటోలు తీయండి, కానీ తీసిన ఫోన్ దాచండి, ఒరిజినల్ ఫైలు చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన ఫోటోతో అక్కడ తిప్పలు పడతాం. కోర్ తీసేటప్పుడు కాంట్రాక్టరును రమ్మని రెండు రోజుల ముందే మెసేజు పెట్టాం. రాలేదు. రాకపోయినా పిలిచిన మెసేజు ఉంది, అది చాలు.

వేములపల్లి దగ్గర అద్దెకు తీసుకున్న గోదాము రసీదులు కూడా ఫైల్లో పెట్టాం. ఎందుకో నష్టం దగ్గర చెప్తా.

మూడో మెట్టు: ఎవరు, ఎవరికి, ఏ అడ్రసుకు

ఒప్పందం మీద ఉన్న పేరుకే నోటీసు. మనకు "ఫలానా అన్న" అని తెలుసు కానీ సంతకం భాగస్వామ్య సంస్థ పేరుతో ఉంటే ఆ సంస్థకూ, భాగస్వాములకూ రాయాలి. మన వైపు సంతకం చేసేవాడికి బోర్డు తీర్మానమో, అధికార పత్రమో ఉండాలి. సైట్ మేనేజరు సంతకంతో పంపితే "నీకు అధికారం ఎక్కడిది" అనే మొదటి అభ్యంతరం మనమే చేతికిచ్చినట్టు.

ఒప్పందంలో నోటీసు ఎలా పంపాలో క్లాజు ఉంటుంది, దాన్ని అక్షరం తప్పకుండా పాటించండి. మాది 19వ క్లాజు: పోస్టు, మెయిల్ రెండూ. అడ్రసు నల్లగొండది, కాంట్రాక్టరేమో ఎల్‌బీ నగర్‌కు మారిపోయాడు, కానీ మారినట్టు రాసివ్వలేదు. రెండు అడ్రసులకూ అందినట్టు రుజువు వచ్చే పోస్టులో పంపాం, మెయిల్ చేశాం, పీడీఎఫ్ వాట్సాప్ చేశాం. నల్లగొండ కవరు "డోర్ లాక్డ్" అని తిరిగొచ్చింది. అలా వచ్చిన కవరు చింపకండి, సీలుతో సహా అలాగే ఫైల్లో పెట్టండి. సరైన అడ్రసు రాసి, డబ్బు కట్టి, రిజిస్టర్డుగా పంపింది అందినట్టే భావించడానికి చట్టంలో వెసులుబాటు ఉంది, ఆ కవరే దానికి సాక్షి.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంటే నోటీసూ ఇంగ్లీషులోనే పెట్టండి, క్లాజు మాటలు క్లాజు మాటలుగానే ఉండాలి. ఇక్కడ మనకు అర్థం కావడానికి తెలుగులో చెప్తున్నా.

నాలుగో మెట్టు: ఉల్లంఘన ఏమిటో రాయడం

విశేషణాలు తీసేయండి. "ఘోరమైన నిర్లక్ష్యం", "మోసపూరిత బుద్ధి" ఇవన్నీ నా మొదటి డ్రాఫ్టులో ఉన్నాయి, ఒక్కటీ మిగల్లేదు. "420 కేసు పెడతాం" అన్న లైను కూడా పోయింది, సివిల్ తగాదాలో పోలీసు బెదిరింపు కాగితం మీద పెడితే తర్వాత చదివేవాళ్లకు మన మీదే అనుమానం వస్తుంది. ప్రతి ఉల్లంఘనకూ మూడు చాలు: ఏ క్లాజు, ఏం చేయాలి, ఏం జరిగింది. ఇలా:

"ఒప్పందం 7వ క్లాజు, షెడ్యూలు 2 ప్రకారం గోదాము ఫ్లోరింగు 150 మి.మీ. మందం ఉండాలి. 16-10-2025న మీకు ముందుగా తెలియజేసి మూడు చోట్ల తీసిన కోర్లలో మందం 108, 115, 121 మి.మీ. ఉన్నట్టు తేలింది. కోర్లు తీసిన స్థలాల ప్లాను, ఫోటోలు, ల్యాబ్ రిపోర్టు జతపరిచాము."

చివర్లో "ఇవి ఇప్పటివరకు మా దృష్టికి వచ్చినవి మాత్రమే" అని ఒక వాక్యం. ఎందుకంటే రేపు షీట్ల కింద ఇంకేమైనా బయటపడితే, అప్పుడు అడగలేదు కదా అనకూడదు.

ఐదో మెట్టు: గడువు, అసలు కిటుకు ఇక్కడే

తప్పు సరిచేసుకోవడానికి ఇచ్చే ఈ గడువును క్యూర్ పీరియడ్ అంటారు. మా మేస్త్రీకి చెప్తే, "స్లాబుకు నీళ్లు కొట్టే రోజులా సార్?" అన్నాడు. ఆ క్యూరింగు కాదు కానీ, నవ్వుకున్నాక ఆలోచిస్తే వాడి మాటలో పాయింటు ఉంది. మా ఒప్పందం 14వ క్లాజు 15 రోజులు ఇవ్వమంటుంది. రూఫ్ షీట్లు 15 రోజుల్లో ఎక్కుతాయి. కానీ ఫ్లోరింగు పగలగొట్టి, మళ్లీ పోసి, వారం పైగా తడిపి, బలం పట్టేదాకా ఆగి అప్పగించడం 15 రోజుల్లో ఏ మొనగాడివల్లా కాదు. సాధ్యం కాని గడువు ఇస్తే, ఇది సరిచేయడానికి ఇచ్చింది కాదు, వెళ్లగొట్టడానికి ఇచ్చింది అని ఎదుటి లాయరు సునాయాసంగా అంటాడు. ఒప్పందంలో ఉన్నదానికి తక్కువ ఇవ్వకూడదు, ఎక్కువ ఇస్తే నష్టం లేదు. అందుకే రెండు మెట్లు పెట్టాం:

"ఈ నోటీసు అందిన రోజును మినహాయించి 15 రోజుల్లోగా మీరు (1) కనీసం 12 మంది పనివారిని సైటుకు తీసుకురావాలి, (2) మిగిలిన రూఫ్ షీట్లు పూర్తిగా బిగించాలి, (3) లోపమున్న ఫ్లోరింగు మరమ్మతు ప్రణాళికను మొదటి 5 రోజుల్లో ఇచ్చి, మా ఇంజినీరు ఆమోదించాక పగలగొట్టడం పూర్తి చేయాలి. కొత్త ఫ్లోరింగు 30-11-2025 లోగా పోయాలి, మందాన్ని కోర్లతో చూపించాలి. పై తేదీలు ఈ పనికి అత్యంత ప్రధానమైనవి."

"వెంటనే పని వేగవంతం చేయాలి" అని రాస్తే ఎవరు ఎలా కొలుస్తారు? నలుగురు మనుషుల్ని తెచ్చి ఫోటో దిగి, వేగవంతం చేశానంటాడు. తలలు లెక్కపెట్టేలా, టేపు పెట్టి కొలిచేలా ఉండాలి.

రోజులు లెక్కపెట్టడంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. అక్టోబర్ 23న పంపాం, 25న అందింది. 26 మొదటి రోజు, అలా లెక్కేస్తే 15వ రోజు నవంబర్ 9, ఆదివారం. నోటీసులోనే సోమవారం, నవంబర్ 10 ఉదయం 11 గంటలకు ఇద్దరం కలిసి తనిఖీ అని రాసేశాం. ఒక్క రోజు ముందు రద్దు చేసినా ఇంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

బ్యాంక్ గ్యారంటీ తేదీ చూడటం మర్చిపోవద్దు, ఇది చాలామందికి తట్టదు. పని చెడితే మనకు డబ్బు కడతానని కాంట్రాక్టరు తరఫున బ్యాంకు ఇచ్చే హామీ అది. మాది 4,30,000, నవంబర్ 15తో అయిపోతుంది. మనమేమో 30 దాకా గడువిచ్చి కూర్చుంటే గ్యారంటీ మధ్యలోనే చచ్చిపోతుంది. "05-11-2025 లోగా గ్యారంటీని 31-01-2026 దాకా పొడిగించండి, లేకపోతే గడువు తీరకముందే ఒప్పందం ప్రకారం బ్యాంకులో క్లెయిమ్ చేసే హక్కు వాడుకుంటాం" అని రాశాం. క్లెయిమ్ లెటరు గ్యారంటీలో ఉన్న మాటలతోనే, ఆ బ్రాంచి పేరుతోనే ముందే టైపు చేసి పెట్టుకున్నాం. 4వ తేదీన పొడిగించి తెచ్చాడు, వాడే అవసరం రాలేదు.

ఆరో మెట్టు: డబ్బు లెక్క, హక్కుల పేరా

ఆలస్యానికి మా ఒప్పందంలో వారానికి విలువలో 0.5 శాతం, మొత్తం మీద 5 శాతం మించకుండా. అంటే వారానికి 43,000, గరిష్ఠం 4,30,000. సెప్టెంబర్ 30 నుంచి నోటీసు నాటికి మూడు పూర్తి వారాలు, 1,29,000. దీనికి అదనంగా అద్దె గోదాము ఖర్చు కూడా అడుగుదామని మా చైర్మన్ గారు అన్నారు. కుదరదు. ఆలస్యానికి ఇంత అని ముందే రాసుకున్నాక అదే ఆలస్యానికి రెండోసారి వసూలు చేయలేం. మరి రసీదులు ఎందుకంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద రాసుకున్న మొత్తం ఒక పైకప్పు మాత్రమే, దాని లోపల సమంజసమైన పరిహారమే వస్తుంది. అసలు నష్టమే లేదని వాడు వాదిస్తే చూపించడానికి అవి కావాలి. నష్టం తగ్గించుకునే ప్రయత్నం మనం చేశామా అని కూడా చూస్తారు, వడ్లు వానలో పెట్టకుండా అద్దెకు తీసుకోవడమే దానికి జవాబు.

ఇక హక్కులు. "కంపెనీ అన్ని హక్కులూ రిజర్వు చేసుకుంటోంది" అని ఒక్క లైను కొట్టి అయిపోయిందనుకుంటారు. ఏ హక్కులో పేర్లు పెట్టి రాయండి:

"ఈ గడువు ఇవ్వడం ఒప్పంద రద్దు కాదు, 30-09-2025 గడువును పొడిగించడమూ కాదు. మా సిబ్బంది సందేశం వల్ల ఏదైనా పొడిగింపు జరిగిందని ఒకవేళ తేలినా, అది 20-10-2025తో ముగిసింది. ఆలస్యంగా చేసే పనిని మేము స్వీకరించినా, ఆలస్యానికి పరిహారం కోరే ఉద్దేశం మాకు ఉందని దీని ద్వారా తెలియజేస్తున్నాము. 14వ క్లాజు కింద రద్దు చేసే హక్కు, మీ ఖర్చు, బాధ్యతల మీద మిగతా పని ఇతరులతో చేయించే హక్కు, బ్యాంక్ గ్యారంటీ, ఆలస్య పరిహారం, లోపాల పరిహారం, 22వ క్లాజు కింద ఆర్బిట్రేషన్ హక్కులు, వీటిలో దేన్నీ మేము వదులుకోవడం లేదు."

మూడో వాక్యం ఎక్కడిదంటే, ఆలస్యమైన పనిని ఒప్పుకుని తీసుకుంటే, తీసుకునేటప్పుడే పరిహారం అడుగుతామని నోటీసు ఇవ్వకపోతే తర్వాత అడగలేరని సెక్షన్ 55 చెప్తుంది. తీసుకునేటప్పుడే అన్న మాట గమనించండి. అందుకే పని అయ్యాక అప్పగింత కాగితం మీద కూడా అదే వాక్యం మళ్లీ రాయించాం.

ఈ నోటీసు ఆర్బిట్రేషన్ మొదలుపెట్టినట్టు కాదు. దానికి వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపమనే అభ్యర్థన వేరేగా వెళ్లాలి, అది ఎదుటివాడికి అందిన రోజు నుంచే లెక్క. ఉల్లంఘన పరిహారానికి మామూలు గడువు మూడేళ్లు కాబట్టి ఉత్తరాలు రాసుకుంటూ కాలం గడపొద్దు.

ఏడో మెట్టు: పంపాక మనం ఎలా ఉంటాం

నోటీసులు ఎక్కువగా పాడయ్యేది పంపాకే. మూడో రోజు కాంట్రాక్టరు సిమెంటు లారీ వస్తే మా గేటు వాచ్‌మన్ ఆపేశాడు, "కేసు నడుస్తుందట కదా" అని. పని చేసుకునే వీలు మనమే ఇవ్వకపోతే ఆ మేరకు వాడి తప్పు మాఫీ అవుతుంది, సెక్షన్ 67 అదే. అరగంటలో లోపలికి పంపించి, గేటు రిజిస్టర్లో టైము రాయించి, కాంట్రాక్టరుకు మెయిల్ పెట్టాం. కరెంటు, నీళ్లు కూడా ఆపకూడదు. గడువు నడుస్తుండగా కొత్త కాంట్రాక్టరుతో సంతకాలు చేయకూడదు, కొటేషన్ తీసుకోవడం వరకు పర్వాలేదు. వాడితో కొత్త పనులు, కొత్త అడ్వాన్సులు మాట్లాడకూడదు. హక్కుల పేరా ఎంత గట్టిగా రాసినా, రోజూ చేసే పని దానికి ఎదురుగా ఉంటే పేరా ఓడిపోతుంది. సైట్ మేనేజరుకు ఒక్కటే చెప్పాం: ఫోన్లో ఏం మాట్లాడినా సాయంత్రానికి రెండు లైన్ల మెయిల్ పెట్టు, "సరేలే అన్నా" అనే మాట మాత్రం రాయకు.

తొమ్మిదో రోజు 14 మందితో వచ్చాడు. నవంబర్ 10 తనిఖీకి రూఫ్ అయిపోయింది, ఫ్లోరింగు మూడొంతుల్లో రెండొంతులే పగిలింది. సగం సరిచేస్తే ఏం చేయాలి? మౌనంగా ఉండటమే అన్నిటికంటే చెడ్డది, ఒప్పుకున్నట్టు అవుతుంది. ఏది అయింది, ఏది కాలేదు అని అక్కడికక్కడే ఒక పేజీ రాశాం. సంతకం పెట్టనన్నాడు. "చూపించాం, సంతకానికి నిరాకరించారు" అని ఇద్దరు సాక్షులతో రాసి ఆ సాయంత్రమే మెయిల్ చేశాం. రద్దు చేసే హక్కు అప్పటికే వచ్చింది, కానీ వాడి మనుషులు సైట్లో ఉన్నారు, కొత్తవాణ్ని తెస్తే డిసెంబర్ దాటుతుంది. అందుకే 17 దాకా వారం పొడిగించాం, రాతపూర్వకంగా, హక్కుల పేరా మళ్లీ మొత్తం కాపీ చేసి.

30 దాటి మూడో రోజుకు కొత్త ఫ్లోరింగు పోయడం అయింది. కోర్లలో 152, 155, 151 వచ్చాయి. ఫైనల్ బిల్లు రోజు వచ్చి కూర్చుని, "అన్నా, ఆలస్యం లెక్క వదిలేయరాదు" అన్నాడు. మా 3 లక్షల బిల్లు 27 రోజులు ఆలస్యమైన సంగతి మాకూ గుర్తుంది, కాబట్టి పూర్తి మొత్తం కోసం పట్టుపట్టలేదు. ఫైనల్ బిల్లులోంచి 1,80,000 మాత్రమే తగ్గించి, ఇరువైపులా ఇంకేమీ లేదని సెటిల్‌మెంట్ కాగితం రాసుకుని, బ్యాంక్ గ్యారంటీ ఒరిజినల్ వాడి చేతికిచ్చి రసీదు తీసుకున్నాం.